పక్క షాపును తిట్టకుండా ల్యాప్‌టాప్ పోలిక క్యాప్షన్ ఎట్లా రాయాలి?

గడియారం_కాడి_షాపు
నల్లగొండలో మాది చిన్న ల్యాప్‌టాప్ షాపు. కౌన్సెలింగ్ అయిపోయి కాలేజీలు తెరిచే సీజన్ కదా, ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో ఒక పోలిక పోస్టు పెట్టిన. క్యాప్షన్ ఇది:

"పాత ప్రాసెసర్ అంటగట్టే షాపుల్లో మోసపోకండి! వాళ్లది 42 వాట్ అవర్ల బుల్లి బ్యాటరీ, మాది 50. వాళ్లది 8 జీబీ, మాది 16. తేడా మీరే చూడండి!"

ఏ షాపు పేరూ రాయలేదు. అయినా అదే బజారులో ఇంకో షాపాయన ఫోన్ చేసి "నా పొట్ట మీద కొడుతున్నవా" అని గట్టిగనే అడిగిండు. ఆయనకూ నాకూ పెళ్లిళ్లలో పలకరింపులున్నయి. పోస్టు తీసేసిన. కానీ పోలిక లేకుండా ల్యాప్‌టాప్ అమ్మేదెట్లా? వచ్చే ప్రతి పిల్లగాడూ "అన్నా, అక్కడ ఐదువేలు తక్కువ కదా" అనే అడుగుతడు. ఎవరినీ నొప్పించకుండా, కొనేవాళ్లకు తేడా తెలిసేటట్టు ఎట్లా రాయాలి?

పాలమూరు_బస్సు
పేరు రాయలేదు కదా అన్నా, ఇంక భయమెందుకు? పేరు లేకపోతే కేసు లేదు. మళ్లీ పెట్టు.

మూడో_వాయిదా
బస్సు తమ్ముడూ, పేరు లేకపోతే కేసు లేదన్నది తప్పు. 1999లో కలకత్తా హైకోర్టులో ఉజాలా నీలం మీద ఒక కేసు నడిచింది. ఉజాలా ప్రకటనలో ఎవరి పేరూ చెప్పలేదు. కానీ చూపించిన సీసా ఆకారం, చెప్పిన పది రూపాయల ధర, రెండూ రాబిన్ బ్లూకే సరిపోయినయి. చూసినవాళ్లకు ఎవరిని అంటున్నరో తెలిసిపోతుంది కాబట్టి కోర్టు ఆ ప్రకటనను ఆపేసింది. ఆ తీర్పులో పనికొచ్చే మాట ఇంకోటుంది. నా సరుకే లోకంలో అందరికన్నా గొప్పది అని వ్యాపారి చెప్పుకోవచ్చు, అది నిజం కాకపోయినా సరే. ఎదుటివాడి సరుకుతో పోల్చి నాది ఎందుకు మంచిదో కూడా చెప్పుకోవచ్చు. కానీ ఆ చెప్పడంలో ఎదుటివాడి సరుకు చెడ్డది అనకూడదు.

మీ క్యాప్షన్‌లో "మోసపోకండి" అన్నది సరుకును కూడా దాటిపోయి మనిషి మీదికి పోయింది. బజారులో ఆ మోడల్ అమ్మేది ఇద్దరే అయితే పేరు రాసినట్టే లెక్క.

గడియారం_కాడి_షాపు
ఇద్దరమే.

మిర్యాల_బియ్యం
😂 ఇంకేం, ఫోటో కూడా పెట్టాల్సింది.

పాలమూరు_బస్సు
సరే వకీలు సాబ్, ఒప్పుకున్న. కానీ ఈ ప్రకటనల కౌన్సిల్ వాళ్లు పది లక్షల జరిమానా వేస్తరట కదా? చిన్న షాపుల మీద కూడానా?

మూడో_వాయిదా
రెండు వేర్వేరు సంగతులు కలిపినవు. ప్రకటనల కౌన్సిల్ అంటే ఏఎస్‌సీఐ, 1985 నుంచి ఉన్నది. అది పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ, జరిమానాలు వేయదు. ప్రకటన మార్చు, తీసెయ్యి అని చెప్తుంది. పది లక్షల మాట 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోది. అక్కడ జరిమానా తయారీదారుకు, ప్రచారం చేసే ప్రముఖుడికే కాదు, తప్పుదోవ పట్టించే ప్రకటన వేసినవాళ్లకు కూడా పడొచ్చు. వర్తకుడికి ప్రకటన ఆపు, మార్చు అని ఆదేశం కూడా రావొచ్చు. అయినా పోస్టు తీసేసిన షాపాయనను పది లక్షలతో భయపెట్టకు. ఆయన అసలు టెన్షన్ పెళ్లిళ్లలో పలకరింపు పోతుందని.

నాన్న_రామన్నపేట
మా బిడ్డకు సీఎస్‌ఈ సీటు వచ్చింది. 16 జీబీ ఉన్నది 50 లోపల వస్తదా? ఏ కంపెనీ మంచిది?

మిర్యాల_బియ్యం
పెద్దాయనా, ఇక్కడ అమ్మేటాయన కొట్లాటలో ఉన్నడు, కొనే సంగతి కొంచెం ఆగాలె.

సోల్డరింగ్_సారు
చట్టం సంగతి వకీలు చెప్పిండు. నాకు ఆ తిట్టు కన్నా అంకెల మీదనే అనుమానం. 42 వాట్ అవర్లు, 50 వాట్ అవర్లు, రెండూ నిజమే అయ్యుంటయి. కానీ ఆ రెండు మెషీన్లలో ప్రాసెసర్ ఏది? మాది పెద్ద బ్యాటరీ అని రాస్తే కొనేవాడు ఎక్కువసేపు వస్తదనే అనుకుంటడు. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన బండి ఎక్కువ దూరం పోదు కదా, మైలేజీ కూడా చూడాలె.

గడియారం_కాడి_షాపు
మాది i5-12450H, ఆయనది i5-1235U. రెండూ పన్నెండో తరమే. ఇప్పుడు ఆలోచిస్తే "పాత ప్రాసెసర్" అన్న మాట కూడా తప్పే. కోపంలో రాసిన.

పాలమూరు_బస్సు
అయితే ఆయనదే గొప్పది కదా? 1235U లో పది కోర్లు, మీ దాంట్లో ఎనిమిదే. నేను నెట్‌లో చూసిన.

సోల్డరింగ్_సారు
అంకె కరెక్టే, అర్థం తప్పు. 1235U లో పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఎనిమిది. 12450H లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. బరువు పని మోసేది పెద్దవి. పైగా 1235U ని 15 వాట్ల లెక్కన, 12450H ని 45 వాట్ల లెక్కన తయారు చేసిన్రు. అంటే మొదటిది తక్కువ తిని ఎక్కువసేపు నడిచే రకం, రెండోది ఎక్కువ తిని గట్టిగా పనిచేసే రకం. దాంట్లో పది కోర్లు అని ఆయన రాసుకుంటే ఎంత అబద్ధమో, 50 వాట్ అవర్లు అని ఈయన రాసుకుంటే అంతే అబద్ధం. రెండిట్లో అంకెలు మాత్రం నిజం.

గడియారం_కాడి_షాపు
సారు, నేను టెస్టు కూడా చేసిన. ఆయన దగ్గర కొన్న ల్యాప్‌టాప్‌ను ఒక కస్టమర్ విండోస్ కోసం నా దగ్గరికి తెచ్చిండు. ఆ పిల్లగాడిని అడిగే చేసిన. రెండిట్లో ఒకే వీడియో, వైఫై బంద్, వెలుతురు రెండిట్లో సగానికి పెట్టి, ఫుల్ చార్జింగ్ నుంచి 10 శాతం దాకా నడిపిన. మాది 5 గంటల 15 నిమిషాలు, అది సరిగ్గా 5 గంటలు. మాదే గెలిచింది. అందుకే ధైర్యంగా రాసిన.

సోల్డరింగ్_సారు
ఆ పిల్లగాడు ల్యాప్‌టాప్ ఎప్పుడు కొన్నడు?

గడియారం_కాడి_షాపు
పోయిన ఏడాది.

సోల్డరింగ్_సారు
అదీ సంగతి. మీది డబ్బా విప్పిన మెషీన్, అది ఏడాది వాడింది. ఇంకా మీ దగ్గరే ఉంటే అడ్మిన్ కమాండ్ విండోలో ఇది కొట్టి చూడండి:

```
powercfg /batteryreport
```

ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు ఏ ఫోల్డర్‌లో పెట్టిందో అదే చెప్తది. దాన్ని తెరిస్తే DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు లైన్లుంటయి. మొదటిది కంపెనీ ఇచ్చిన సైజు, రెండోది ఇప్పుడు నిజంగా నిండుతున్నది.

గడియారం_కాడి_షాపు
ఉన్నది, రేపు తీసుకపోతడు. చూసిన. దానిది DESIGN 42,000 mWh, FULL CHARGE 37,800. మాది రెండూ 50,000 దగ్గర్లోనే ఉన్నయి.

సోల్డరింగ్_సారు
అంటే దాని బ్యాటరీ 90 శాతానికి వచ్చింది. 90 శాతంతో 300 నిమిషాలు నడిస్తే, కొత్తదైతే 300ని 0.9తో భాగించండి, 333 నిమిషాలు. ఐదున్నర గంటల పైనే. మీది 315. బుల్లి బ్యాటరీ అని మీరన్నది మీ కన్నా ఎక్కువసేపే వచ్చేటట్టుంది.

ఇది కూడా అంచనానే, దీన్ని పోస్టులో రాయొద్దు. నిజంగా రాయాలంటే రెండూ కొత్తవి తీసుకొని మళ్లీ నడపాలె. ఇంకోటి, రెండిట్లో వెలుతురు సగానికి పెట్టిన అన్నరు. ఒక స్క్రీన్ 300 నిట్లది, ఇంకోటి 250 నిట్లది అయితే సగం అంటే రెండిట్లో ఒక్కటి కాదు. రెండిట్లో తెల్ల పేజీ తెరిచి, ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి, స్క్రీన్‌కు ఒకే దూరంలో పట్టుకొని, రీడింగ్ సమానం అయ్యేదాకా సరిచేసి అప్పుడు మొదలుపెట్టాలె. గదిలో లైట్లు ఆర్పడం మరవొద్దు.

గడియారం_కాడి_షాపు
తల పట్టుకొని కూర్చున్న. నా క్యాప్షన్ చూసి కాలేజీలో ప్లగ్ దొరకని పిల్లగాడు నా దగ్గర కొని ఉంటే?

గద్వాల_కొమ్మంచు
నాది ల్యాప్‌టాప్ కాదు, చీరల షాపు. ఇదే తప్పు నేనూ చేసిన. "ఇవే అసలైన చేనేత, మిగతా షాపుల్లో ప్రింటు చీరలు" అని బోర్డు రాయించిన. మాకు ఎదురుగా ఉన్నామె నిజంగానే ప్రింటు చీరలు అమ్మేది, కానీ ప్రింటు అని చెప్పే అమ్మేది, ధర కూడా అట్లనే పెట్టేది. దాంట్లో మోసమేం ఉంది? బజారులో నలుగురు కూర్చొని నాతోనే బోర్డు తీయించిన్రు. తర్వాత పోచంపల్లి చీరలకు ఇట్లా రాసిన: "చీరను తిప్పి చూడండి. ఇక్కత్‌లో నూలుకే రంగు ఎక్కిస్తరు కాబట్టి రంగు రెండు వైపులా ఉంటుంది." అంతే. ఎవరి పేరూ లేదు, ఎవరి మీద మాటా లేదు. వచ్చిన ప్రతి ఒక్కరూ చీర తిప్పుతున్నరు. ఇప్పుడు ఎదురుగా ఉన్నామె షాపులో కూడా తిప్పుతున్నరట, అది వేరే సంగతి.

దేవరకొండ_పంతులు
గద్వాల అమ్మ చెప్పింది బాగుంది. మొదటి క్యాప్షన్‌లో భాష సంగతి నేనొకటి చెప్తాను. "అంటగట్టే", "బుల్లి", "మోసపోకండి". ఈ మూడు మాటలు తీసేసి చదవండి, సమాచారం ఒక్క అక్షరం తగ్గదు. తగ్గేది తిట్టే. "వాళ్లది, మాది" అన్న వరస కూడా మార్చండి. తెలుగులో "వాళ్లు" అంటే చాలు, కొట్లాట మొదలైనట్టే వినపడుతుంది. షాపును కాకుండా మోడల్‌ను కర్తగా పెట్టండి.

మిర్యాల_బియ్యం
పంతులు గారు వచ్చిన్రంటే సంధులు, సమాసాలు కూడా వస్తయి, జాగ్రత్త.

సోల్డరింగ్_సారు
ర్యామ్ లైన్ కూడా చూడాలె. ఆ 16 జీబీ కంపెనీ నుంచే వచ్చిందా?

గడియారం_కాడి_షాపు
లేదు సారు. కంపెనీది 8, ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 నేను వేసిన. మాది 54,500, ఆయనది 48,990. ఆ 8 జీబీ ముక్క ఆ రోజు నాకు 2,200 పడ్డది.

సోల్డరింగ్_సారు
అయితే మీరు పోల్చింది రెండు ల్యాప్‌టాప్‌లను కాదు, ఒక ల్యాప్‌టాప్‌ను, ఒక ల్యాప్‌టాప్ ప్లస్ ర్యామ్‌ను. ఆయన మెషీన్‌లో కూడా అదే ముక్క వేస్తే 51,190 అవుతది. అప్పుడు అసలు తేడా 3,310. ఆ 3,310 దేనికి అని చెప్పగలిగితే అదే మీ క్యాప్షన్. నా లెక్కలో అది ప్రాసెసర్‌కు. ర్యామ్‌కు కాదు, బ్యాటరీకి అసలే కాదు.

ఇంకోటి, మీరు వేసిన ముక్కకు ల్యాప్‌టాప్ కంపెనీ వారంటీ ఉండదు, ర్యామ్ కంపెనీది ఉంటది. అది రాయకపోతే రేపు మీతోనే లొల్లి.

నాన్న_రామన్నపేట
అంటే 48,990దానిలో ర్యామ్ వేయించుకుంటే సరిపోతదా బిడ్డకు?

సోల్డరింగ్_సారు
పెద్దాయనా, మొదటి ఏడాది కోడింగ్‌కు బాగానే సరిపోతది. కొనే ముందు ఖాళీ స్లాట్ ఉందో లేదో మాత్రం అడగండి. కొన్నిట్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటది, తర్వాత పెంచుడు ఉండదు.

పాలమూరు_బస్సు
షాపన్న ముంగటే కస్టమర్‌ను ఇంకో షాపుకు పంపిస్తున్నరు మీరు 😂

గడియారం_కాడి_షాపు
పంపనీ. ప్రాసెసర్ తేడా టెస్టు చేసిన ఇప్పుడే, ఆ పిల్లగాడి మెషీన్ పోయేలోపల. మా దాంట్లో నేను వేసిన ర్యామ్ తీసేసి రెండూ 8 జీబీ చేసిన. రెండిటికీ చార్జర్ పెట్టి, హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్‌లో ఒకే పెళ్లి వీడియో, ఒకే సెట్టింగ్. మూడుసార్లు నడిపి మధ్యది తీసుకున్న. మాది 11 నిమిషాలు, అది 15. దీనికి బ్యాటరీ పాతబడినా ఫరక్ పడదు కదా?

సోల్డరింగ్_సారు
చార్జర్ మీద కాబట్టి పెద్దగా పడదు. ఏడాది దుమ్ముకు ఫ్యాన్ మూసుకపోతే వేడెక్కి మెల్లగైతది, ఒకసారి ఊది మళ్లీ నడపండి. మూడుసార్లలో మొదటికీ మూడోదానికీ ఎంత తేడా వచ్చింది?

గడియారం_కాడి_షాపు
అర నిమిషం లోపలనే. ఊది మళ్లీ నడిపిన, 14న్నర వచ్చింది. సరే, ఇప్పుడు ఇట్లా రాసిన. చూడండి:

"రెండు ల్యాప్‌టాప్‌లు, రెండు రకాల పనులు.
i5-12450H: 16 జీబీ ర్యామ్ (8 కంపెనీది, 8 మేము వేసింది, ఆ 8కి ర్యామ్ కంపెనీ వారంటీ). మా ధర 54,500.
i5-1235U: 8 జీబీ ర్యామ్. ఊర్లో 48,990కి దొరుకుతుంది. ర్యామ్ 16 చేయించుకుంటే సుమారు 51,200.
రెండిట్లో 8 జీబీ పెట్టి, చార్జర్ మీద ఒకే వీడియోను మార్చాం: మొదటిదానికి 11 నిమిషాలు, రెండోదానికి 14న్నర.
వీడియో ఎడిటింగ్, బరువైన పని ఉంటే మొదటిది. ప్లగ్ లేకుండా ఎక్కువసేపు క్లాసులో వాడాలంటే రెండోది కూడా చూడండి.
ధరలు ఈ రోజువి. టెస్టు మీ ముందే చేసి చూపిస్తాం."

దేవరకొండ_పంతులు
"వీడియోను మార్చాం" అంటే జనానికి అర్థం కాదు. "వీడియోను చిన్న సైజుకు మార్చడానికి పట్టిన సమయం" అనండి. మిగతాది బాగుంది. ఎవరినీ ఏమీ అనలేదు, అయినా తేడా తెలుస్తోంది.

పాలమూరు_బస్సు
ప్లగ్ లైన్ ఎందుకన్నా? ఆయన సరుకు మంచిదని నీ పైసలతో నువ్వే చాటింపు వేస్తున్నవు. తిట్టకు, సరే. పొగడమని చట్టంలో లేదు కదా వకీలు సాబ్?

మూడో_వాయిదా
పొగడమని ఎక్కడా లేదు. కానీ పోల్చే విషయాన్ని మనకు లాభం వచ్చేటట్టే ఏరుకొని పెట్టకూడదని ఏఎస్‌సీఐ నియమావళిలో ఉంది. బ్యాటరీ ఊసే ఎత్తకుండా వేగం ఒక్కటే పోల్చితే ఏరుకున్నట్టా, కాదా? నేనైతే వేగం గురించి అని స్పష్టంగా చెప్పి వేగమే పోల్చితే పర్వాలేదంటాను. "ఏది మంచిది" అన్న ధోరణిలో రాస్తే మాత్రం రెండో వైపు కూడా చెప్పాలి.

సోల్డరింగ్_సారు
నేను ఒప్పుకోను. కొనేవాడు ల్యాప్‌టాప్‌ను ఒక పని కోసం కొనడు. వేగం టెస్టు చేసిన మనిషికి బ్యాటరీ సంగతి తెలిసీ దాచితే, మాటల్లో తప్పు లేకపోయినా పోలిక తప్పే.

మూడో_వాయిదా
అది మీ మనసాక్షి లెక్క సారు, నాది నోటీసు లెక్క. రెండూ ఒక్కటి కాదు. నాకు భయం "ఊర్లో 48,990" మీదనే ఉంది. ఊర్లో అన్నది తీసేసి "మార్కెట్‌లో" అనండి. అమ్మేది ఇద్దరే అని మీరే చెప్పిన్రు.

గద్వాల_కొమ్మంచు
ప్లగ్ లైన్ ఉంచు తమ్ముడూ. దాని వల్లనే పైన రాసిన 11 నిమిషాలు నమ్ముతరు.

గడియారం_కాడి_షాపు
ఉంచిన. "ఊర్లో" తీసేసి పెట్టిన. మూడు రోజులైంది. ఫోన్లు తొమ్మిది వచ్చినయి. అందులో నలుగురు "ఆ రెండోది మీ దగ్గర దొరుకుతదా" అని అడిగిన్రు 😅 లేదని చెప్పి, దొరికే చోటు చెప్పిన. ఇద్దరు నాది కొన్నరు.

ఆయన ఫోన్ చేయలేదు. కానీ నిన్న ఆ మోడల్ ధర 47,490 చేసిండు. స్టేటస్ అయితే ఒక్క రోజులో పోయింది, ఇన్‌స్టాలో పోస్టు 48,990తో అట్లనే ఉన్నది. దాన్ని తీసేయాల్నా, దిద్దాల్నా?

మూడో_వాయిదా
దిద్దండి. "ఈ రోజువి" అన్న చోట తేదీ వేయాల్సింది, అది నేనూ చూడలేదు. రెండో ధర మార్చి, ర్యామ్‌తో కలిపిన లెక్క కూడా మార్చండి, తేదీ వేయండి.

సోల్డరింగ్_సారు
47,490 ప్లస్ 2,200, 49,690. తేడా 4,810 అయింది షాపన్నా. ఆ మూడున్నర నిమిషాలకు 4,810 అంటే మీరు కూడా ధర చూసుకోవాలె.

నాన్న_రామన్నపేట
నిన్న 47,490ది తీసుకున్నం. స్లాట్ ఉన్నది. ర్యామ్ మీ దగ్గరే వేయించుకుంటం షాపాయనా, ఆదివారం తెరిచి ఉంటదా?

గడియారం_కాడి_షాపు
మధ్యాహ్నం రెండు దాకా ఉంటది, తీసుకరాండ్రి. ర్యామ్ బిల్లు వేరే రాసిస్తా, దాని వారంటీకి అదే కావాలె.